ఒక్క కొడుక్కే ఇల్లు రాసిచ్చే ముందు: గిఫ్టా, వీలునామానా?

"రేపు వాడు సక్కగ సూడకపోతే మళ్ళ రద్దు చేసుకుంటగద సారూ."

మిర్యాలగూడలో దస్తావేజులు రాసే నా బల్ల ముందు కూర్చున్న పెద్దవాళ్ళ నోట ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. గిఫ్ట్ డీడ్ రాయడానికి నాకు గంట చాలు. ఈ ఒక్క మాట తప్పని నచ్చజెప్పడానికి మాత్రం అంతకంటే ఎక్కువ సేపు పడుతుంది. వీలునామా అయితే వాళ్ళు అన్నట్టే రద్దు చేసుకోవచ్చు. గిఫ్ట్ అయితే కుదరదు. తేడా అంతా ఇక్కడే ఉంది.

ఒక పెద్దాయన సంగతి చెప్తాను. రైస్ మిల్లులో గుమాస్తాగా చేసి మానేసిన మనిషి. సొంత కష్టంతో కొన్న 160 గజాల ఇల్లు, కింద రెండు గదులు, పక్కన అద్దెకిచ్చిన ఒక పోర్షను. పెద్దకొడుకు హైదరాబాదులో ఉంటాడు, బిడ్డను నకిరేకల్‌కు ఇచ్చారు, చిన్నకొడుకు తల్లిదండ్రులతోనే ఉంటాడు. పైన ఇంకో అంతస్తు వేయడానికి లోను కావాలి, ఇల్లు తన పేర ఉంటే బ్యాంకు ఇస్తుంది అన్నాడు చిన్నవాడు. చూసుకునేవాడు వాడే కదా అని పెద్దాయన గిఫ్ట్ రిజిస్ట్రేషన్ చేసిచ్చాడు. ఆ కాగితం నేను రాసింది కాదు. ఐదేళ్ళ తర్వాత నా దగ్గరికి తెచ్చినప్పుడు చదివాను. "నీ యందు గల ప్రేమాభిమానములచే, ఏ ప్రతిఫలము లేకుండ, ఈ రోజే స్వాధీనపరచి, సర్వహక్కులతో" అని ఉంది. అంతకు మించి ఏమీ లేదు. ఇప్పుడు అద్దె కొడుకే తీసుకుంటున్నాడు, తల్లి మందుల డబ్బులకు బిడ్డకు ఫోన్ చేయాల్సి వస్తోంది.

ఆయనకు మిగిలిన దారులు చూడండి. రిజిస్టరైన గిఫ్టును ఎప్పుడు వెనక్కి తీసుకోవచ్చో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 126వ సెక్షన్ చెబుతుంది. దారులు రెండే. మొదటిది, ఫలానా సంఘటన జరిగితే గిఫ్ట్ రద్దవుతుందని ఇచ్చేవారు, పుచ్చుకునేవారు ముందే ఒప్పుకొని ఉండాలి, ఆ సంఘటన ఇచ్చినవారి ఇష్టం మీద ఆధారపడేది కాకూడదు. రెండోది, సంతకం మోసం, బలవంతం, ఒత్తిడి, అబద్ధపు మాటల వల్ల జరిగిందని రుజువు చేయాలి. అంటే గిఫ్ట్ ఇచ్చిన రోజు ఏం జరిగిందన్నదే లెక్క. ఐదేళ్ళకు కొడుకు మారిపోవడం ఆ రోజు మోసం జరిగినట్టు కాదు. కృతజ్ఞత లేకపోవడం ఈ సెక్షన్‌లో కారణంగా లేదు. ఇక దస్తావేజు రద్దు కోసం సివిల్ కోర్టుకు పోవాలంటే అసలు సంగతి తెలిసిన నాటి నుంచి మూడేళ్ళే గడువు.

"అయితే 'నాకిష్టం లేనప్పుడు రద్దు చేసుకుంటా' అని రాయించుకుంటే?" అని తెలివైనవాళ్ళు అడుగుతారు. అదే సెక్షన్ ఆ దారినీ మూసేసింది. ఇచ్చినవాడి ఇష్టం మీద రద్దయ్యే గిఫ్ట్ అసలు గిఫ్టే కాదు, చెల్లదు. "ఎన్నడూ అమ్మకూడదు" అన్న షరతు కూడా నిలబడదు. ఆస్తి ఇచ్చేసి అమ్ముకునే హక్కును పూర్తిగా బిగించేస్తే ఆ బిగింపునే చట్టం కొట్టేస్తుంది. ఒక్కరే వెళ్ళి రద్దు దస్తావేజు రాయించుకుంటే హక్కు వెనక్కి రాదు. ఇచ్చిన ఆస్తి మీద తండ్రికి అప్పటికే హక్కు లేదు కదా, దేన్ని రద్దు చేస్తాడు?

వయసు అరవై దాటినవాళ్ళకు మాత్రం ఇంకో తలుపు ఉంది. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 23వ సెక్షన్. ఈ చట్టం అమల్లోకి వచ్చాక, కనీస అవసరాలు చూసుకోవాలన్న షరతుపై గిఫ్టుగానో మరోలాగానో ఆస్తి ఇచ్చి ఉండి, పుచ్చుకున్నవారు ఆ షరతు తప్పితే, ఆ బదిలీని మోసంతో జరిగినట్టే భావించి ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. మన దగ్గర ట్రిబ్యునల్ అంటే ఆర్డీవో. కోర్టు కంటే చాలా దగ్గరి దారి. కానీ ఆ "షరతుపై" అన్న మాటే తలుపుకు గొళ్ళెం. షరతు ఉన్నట్టు చూపించలేకపోతే కేవలం చూసుకోలేదన్న కారణంతో 23వ సెక్షన్ వాడలేమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో అదే కోర్టు కొంచెం మెత్తబడింది. మధ్యప్రదేశ్ కేసు అది, తల్లి కొడుక్కి గిఫ్ట్ ఇచ్చింది. అదే రోజు కొడుకు చూసుకుంటానని విడిగా రాసిచ్చిన కాగితం ఉంది. రెండూ కలిపి చదివి గిఫ్టు రద్దు చేసి, ఇల్లు తల్లికి అప్పగించమంది. చట్టాన్ని వృద్ధుల మేలు కోరి చదవాలని కూడా అంది. అయినా గమనించండి, అక్కడ చేతిలో ఒక కాగితం ఉంది. మా పెద్దాయన దగ్గర ప్రేమాభిమానములు తప్ప ఏమీ లేవు.

కాబట్టి గిఫ్టే ఇవ్వాలనుకుంటే, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయే ముందు రోజు డ్రాఫ్టు చేతికి తీసుకొని, కళ్ళద్దాలు పెట్టుకొని చదవండి. చదవడం రాకపోతే గిఫ్ట్ పుచ్చుకునే కొడుకుతో కాకుండా వేరేవాళ్ళతో చదివించుకోండి. నేను రాసే డ్రాఫ్టులో ఇలా ఉంటుంది:

"పై ఇంటిలో నేను, నా భార్య మా ఇద్దరి జీవితకాలము నివసించుటకు, అద్దెలు వసూలు చేసికొనుటకు హక్కు కలిగియుందుము. మాకు తిండి, బట్ట, నివాసము, వైద్యము సమకూర్చవలెనను షరతుపై ఈ దానము చేయుచున్నాను. నీవు ఆ షరతు తప్పినచో 2007 నాటి చట్టము 23వ సెక్షను ప్రకారము ఈ దానము రద్దు చేయించుకొను హక్కు మాకు కలదు."

ఇందులో మొదటి వాక్యంలోని "మా ఇద్దరి" అన్న మాట కోసమే నేను ఎక్కువ కొట్లాడతాను. జీవిత హక్కు భర్త ఒక్కడికే పెట్టుకుంటే ఆయన పోయిన మర్నాడు ఆ ఇంట్లో భార్యకు కాగితం మీద చోటు లేదు. జీవిత హక్కు ఉంచుకుంటే గిఫ్ట్ చెల్లదేమో అని కొందరు భయపెడతారు. స్వాధీనం తన దగ్గరే ఉంచుకొని ఇచ్చిన రిజిస్టర్డ్ గిఫ్ట్ చెల్లుతుందని 2014లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అయితే "నా తదనంతరము నీకు హక్కు వచ్చును" అని రాయకండి. హక్కు ఈ రోజే పోవాలి, అనుభవం మాత్రమే మీ దగ్గర ఉండాలి. ఆ వాక్యం తేడాగా పడితే అది గిఫ్టా వీలునామానా అన్నదే తగాదా అవుతుంది. ఈ మాటలు రిజిస్టరైన దస్తావేజులోనే ఉండాలనడానికి ఇంకో కారణం ఉంది. కొడుకు ఇల్లు అమ్మితే, షరతు సంగతి తెలియకుండా డబ్బిచ్చి కొన్నవాడిని 126వ సెక్షన్ కాపాడుతుంది. దస్తావేజులో రాసి ఉంటే నాకు తెలియదనే వీలు కొనేవాడికి ఉండదు.

దీనికి ఒక ఇబ్బంది ఉంది, దాచను. ఇలాంటి గిఫ్ట్ పెట్టుకొని లోను ఇవ్వడానికి బ్యాంకు వెనకాడవచ్చు. లోను కోసమే అయితే ఇల్లు మీ పేరనే ఉంచి మీరూ లోనులో చేరే వీలుందా అని మేనేజర్‌ను ముందే అడగండి. కిస్తీలు ఆగితే ఇంటికి అప్పుడూ ముప్పే, కాకపోతే యజమాని మీరే.

నా మటుకు నేను, ఉన్న ఇల్లు అదొక్కటే అయితే వీలునామానే రాసుకోమంటాను. దానికి స్టాంపు డ్యూటీ లేదు. తెల్లకాగితం మీదైనా చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించడం మంచిది. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, సరిగ్గా రాసిన వాటిలో చివరిదే చెల్లుతుంది. గిఫ్ట్ అయితే ఆస్తి లావాదేవీలు చూపే ఈసీలో అందరికీ కనబడుతుంది. వీలునామా రిజిస్ట్రేషన్ వేరే పుస్తకంలోకి పోతుంది, మీరు బతికుండగా దాని నకలు మీకో, మీరు నియమించినవారికో తప్ప ఇవ్వరు. పెద్దకొడుక్కి ఇప్పుడే తెలియకూడదనుకునేవాళ్ళకు ఇది కలిసొచ్చే సంగతి.

మరి అందరూ గిఫ్ట్ వైపే ఎందుకు పరుగెడతారు? వీలునామాను మిగతా పిల్లలు కోర్టులో కొట్టిస్తారన్న భయం. కొట్టిస్తారు, సరిగ్గా రాయకపోతే. సాక్షులు ఇద్దరు, మీ సంతకం వాళ్ళు చూడాలి, వాళ్ళ సంతకం మీ ముందు పడాలి. తగాదా వస్తే ఆ ఇద్దరిలో ఒక్కరైనా కోర్టు బోనెక్కాలి కాబట్టి, మీ ఈడు స్నేహితులను కాక మీకంటే చిన్నవాళ్ళను, ఇంట్లో వాటా లేనివాళ్ళను పెట్టుకోండి. ఇల్లు పొందే కొడుకు ఆ రోజు అక్కడ లేకుండా చూడండి. లేఖరిని వాడే తెచ్చి, సాక్షులను వాడే పిలిస్తే అనుమానం అక్కడే మొదలవుతుంది. మిగతా ఇద్దరికి ఎందుకు ఇవ్వలేదో రెండు మాటలు రాయండి: పెద్దవాడికి చదువుకు ఇంత పెట్టాను, బిడ్డకు పెళ్ళిలో ఇంత పెట్టాను అని. వయసు మీద పడ్డవారైతే అదే వారంలో డాక్టరు దగ్గర మతిస్థిమితం బాగుందని సర్టిఫికెట్ తీసుకోండి.

చాలామందికి తట్టనిది ఇంకొకటి. కొడుకు మీకంటే ముందే పోతే? గిఫ్ట్ ఇచ్చేసిన ఇల్లు వాడి ఆస్తి. హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వాడు వీలునామా రాయకపోతే, భార్యకు, పిల్లలకు, తల్లికి పోతుంది. ఆ మొదటి వరసలో తండ్రి లేడు. ఇల్లు కట్టిన మనిషికే వాటా రాదు. వీలునామా అయితే మీరు బతికున్నంతకాలం ఇల్లు మీదే, కొత్తది రాసుకుంటారు.

ఇదంతా సొంతంగా కొన్న ఇంటి మాట. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో పంచుకోని వాటాను మిగతావాళ్ళు ఒప్పుకోకుండా గిఫ్ట్ ఇస్తే చెల్లదు. అదే వాటాను వీలునామాతో ఇవ్వవచ్చు. ముస్లిం కుటుంబాలకు లెక్కే వేరు, గిఫ్టు లాంటి హిబాకు, వీలునామా లాంటి వసీయత్‌కు వాళ్ళ నియమాలు వాళ్ళవి, అడిగి చేయించుకోవాలి.

మిల్లు గుమాస్తా ఇప్పుడు ఆర్డీవో ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు. గిఫ్ట్ రద్దు అడుగుతూనే, అది కాకపోతే నెలనెలా పోషణ ఖర్చు ఇప్పించమని కూడా అర్జీలో రాయించాను. ఆ చట్టంలో దానికి పైపరిమితి నెలకు పదివేలు. షరతుకు సాక్ష్యంగా ఏదైనా కాగితం, ఫోన్‌లో మెసేజైనా ఉందేమో వెతకమన్నాను. మొన్న వచ్చి, గిఫ్ట్ రోజు కొడుకు పెద్దన్నకు పంపిన వాయిస్ మెసేజ్ దొరికిందన్నాడు. "అమ్మానాయనలను సచ్చేదాక నేనే సూసుకుంట, ఇల్లు నాకే ఇస్తున్నరు" అని ఉందట. ఆ ఫోన్ మార్చవద్దని, అది ఉన్నది ఉన్నట్టు దాచిపెట్టమని పెద్దకొడుక్కి కబురు పంపాం.