జీరో కాస్ట్ ఈఎంఐ: అసలు ఇది ఎన్ని రూపాయల వడ్డీ?

మార్కెట్లోకి బతుకమ్మ పూలు వచ్చే వేళకే కూకట్‌పల్లి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఎలక్ట్రానిక్స్ షోరూముల ముందు బ్యానర్లు వేలాడతాయి. దీపావళి దాటేదాకా అవి దిగవు. అన్నిటి మీదా ఒకటే మాట: జీరో కాస్ట్ ఈఎంఐ, వడ్డీ లేదు. ఈ సీజన్‌లో ఫ్రిజ్‌కో టీవీకో ఫోన్‌కో బయల్దేరే ముందు ఒక్క లెక్క నేర్చుకుని వెళ్లండి. షాపులోనే, ఫోన్‌లోని కాలిక్యులేటర్ మీద అర నిమిషంలో అయిపోతుంది.

పోయిన దసరాకు మా వదిన ఫ్రిజ్ కొంటానంటే తోడు వెళ్లాను. సేల్స్ కుర్రాడు రేటు 48,000 అన్నాడు. "ఎనిమిది బై రెండు స్కీమ్ ఉంది మేడమ్. నెలకు 6,000 చొప్పున ఎనిమిది కిస్తీలు, అందులో రెండు ఇప్పుడే కట్టాలి. వడ్డీ రూపాయి కూడా లేదు." వదిన వేళ్ల మీద లెక్కేసుకుంది. ఎనిమిది ఆరులు నలభై ఎనిమిది. సరిపోయింది. నిజంగానే వడ్డీ లేదనుకుంది.

"తమ్ముడూ, ఈఎంఐ వద్దు. మొత్తం ఇప్పుడే యూపీఐ చేసేస్తాం. ఫైనల్ ఎంతకిస్తావు?" అన్నాను. కుర్రాడు ఫ్లోర్ మేనేజర్ దగ్గరికెళ్లి ఏదో మాట్లాడి వచ్చాడు. నోటితో చెప్పకుండా కాలిక్యులేటర్ మీద కొట్టి మా వైపు తిప్పాడు: 45,000.

వడ్డీ దాక్కున్నది ఇక్కడే. ఫ్రిజ్ అసలు ధర 45,000. ఆ డబ్బును నెలనెలా కడతానంటే 48,000. మధ్యలో ఉన్న 3,000 పేరు మార్చుకుని ధరలో కలిసిపోయింది. ఈఎంఐ తీసుకున్నవాళ్లు వడ్డీ కట్టలేదు నిజమే, వాళ్లకు రావలసిన డిస్కౌంట్‌ను మాత్రం వదిలేసుకున్నారు. జేబులోంచి పోయే డబ్బు రెండింట్లోనూ ఒకటే.

"మూడు వేలే కదా! నలభై ఎనిమిది వేల మీద ఆరు శాతం. బ్యాంకు కూడా అంత తక్కువకు ఇవ్వదు" అంది వదిన. దాదాపు అందరూ ఇక్కడే పొరబడతారు. 48,000 అప్పు ఎవరూ ఇవ్వలేదు. సరుకు విలువ 45,000. అందులో రెండు కిస్తీలు, అంటే 12,000, షాపులోనే కట్టేశాం. కాబట్టి మొదటి రోజున మన నెత్తిన ఉన్న అసలు అప్పు 33,000. దానికి నెలకు 6,000 చొప్పున ఆరు నెలలు, మొత్తం 36,000 కడతాం. మూడు వేల వడ్డీ 33 వేల మీద అన్నమాట.

పైగా ఆ 33,000 కూడా ఆరు నెలలూ మన దగ్గర ఉండదు. ప్రతి నెలా తరుగుతూ పోతుంది. సగటు తీస్తే మన దగ్గర ఉండే అప్పు సుమారు 19,000. పందొమ్మిది వేలను ఆరు నెలలు వాడుకున్నందుకు మూడు వేలు ఇస్తున్నాం. ఏడాది లెక్కన అది 30 శాతం దాటుతుంది.

శాతాలు తలకెక్కనివాళ్లకు మన ఇళ్లలో చెప్పుకునే లెక్కే నయం. నూటికి నెలకు ఎన్ని రూపాయల వడ్డీ? దానికి ఒక చిట్కా ఉంది. వదిలేసుకున్న డిస్కౌంట్‌ను రెండుతో గుణించండి. వచ్చినదాన్ని మిగిలిన కిస్తీల సంఖ్యకు ఒకటి కలిపి ఆ అంకెతో భాగించండి. దాన్ని మళ్లీ అసలు అప్పుతో భాగించి, నూటితో గుణించండి. మా ఫ్రిజ్‌కు 3,000 రెట్టింపు 6,000. ఆరు కిస్తీలకు ఒకటి కలిపితే ఏడు. 6,000ను 7తో, ఆ తర్వాత 33,000తో భాగించి నూటితో గుణిస్తే 2.6. నూటికి రెండున్నర రూపాయల పైచిలుకు వడ్డీ. చిట్కా కాస్త ఎక్కువ చూపిస్తుంది. కచ్చితమైన అంకె కావాలంటే ఫోన్‌లో స్ప్రెడ్‌షీట్ తెరిచి ఇది కొట్టండి:

```
=RATE(6,-6000,33000)
```

మొదటి అంకె మిగిలిన కిస్తీలు, రెండోది కిస్తీ మొత్తం (ముందు మైనస్ మరిచిపోవద్దు), మూడోది అసలు అప్పు. జవాబు నెలకు 2.54 శాతం. పన్నెండుతో గుణిస్తే ఏడాదికి 30.5.

ప్రాసెసింగ్ ఫీజు ఇంకా కలపలేదు. మా స్కీమ్‌లో అది 500, దాని మీద 18 శాతం జీఎస్టీతో 590. అది కూడా మొదటి రోజే పోతుంది కాబట్టి అసలు అప్పు 33,000 కాదు, 32,410. అప్పుడు వడ్డీ నెలకు 3.09 శాతం, ఏడాదికి 37. "మూడు రూపాయల వడ్డీ వదినా" అన్నాను. ముప్ఫై ఏడు శాతం అన్నప్పుడు కదలని మనిషి ఆ మాటకు మాత్రం పర్సు మూసేసింది. ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారంటే ఆ ఇంట్లో ఏదో పెద్ద కష్టమే వచ్చిందనుకుంటారు. ఫ్రిజ్ కోసం ఎవరూ తేరు.

ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. అప్పు ఎంత తొందరగా తీరితే అంత మంచిదని మనకు అలవాటైన మాట. ఈ స్కీముల్లో అది తిరగబడుతుంది. ఏ స్కీమ్ తీసుకున్నా పోయే డిస్కౌంట్ అదే 3,000 అనుకోండి. అడ్వాన్స్ కిస్తీలు, ఫీజు లేకుండా నెలకు 4,000 చొప్పున పన్నెండు నెలలైతే అది నెలకు ఒక శాతం, అంటే సరిగ్గా రూపాయి వడ్డీ. నెలకు 8,000 చొప్పున ఆరు నెలలైతే దాదాపు రూపాయి తొంభై పైసలు. అదే మూడు వేలను తక్కువ కాలం వాడుకున్న డబ్బుకు కడుతున్నాం కదా, అందుకే రేటు పెరుగుతుంది. అడ్వాన్స్ కిస్తీలు ఎన్ని ఎక్కువుంటే దెబ్బ అంత గట్టిది. షాపువాళ్లు పన్నెండు బై నాలుగు, పది బై రెండు అన్నప్పుడు రెండో అంకె మీద కన్నేయండి.

అన్నీ ఇలాగే ఉంటాయని అనడం లేదు. ఫైనాన్స్ కంపెనీ ఊరికే అప్పివ్వదు. వాళ్ల వడ్డీని ఎవరో ఒకరు భరించాలి. డీలరే భరిస్తుంటే, మనం మొత్తం కట్టినప్పుడు అది అతనికి మిగులుతుంది కాబట్టి బేరం ఆడితే కొంత మన చేతికి వస్తుంది. తయారీ కంపెనీయే భరిస్తుంటే, ఈఎంఐ లేకపోతే ఆ డబ్బు షాపుకు రాదు, మనకూ రాదు. కొత్తగా విడుదలైన ఫోన్లకు ఇలా జరుగుతుంటుంది. మూడు నాలుగు షాపులు తిరిగి, మొత్తం కట్టినా అదే రేటంటే, ఫీజు కూడా లేకపోతే, అది నిజమైన జీరోనే. నిశ్చింతగా తీసుకోండి. కంపెనీ భరిస్తోందా డీలర్ భరిస్తున్నాడా అని అడిగితే కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు. ధరలు పోల్చుకోవడమొక్కటే దారి.

అందుకే అడిగే వరస ముఖ్యం. షాపులోకి అడుగు పెట్టగానే ఈఎంఐ మాట ఎత్తకండి. ముందు మొత్తం కట్టేవాళ్లలా బేరమాడి చివరి ధర చెప్పించుకోండి. వీలైతే దాన్ని విజిటింగ్ కార్డు వెనకో కొటేషన్ కాగితం మీదో రాయించుకోండి. ఆ తర్వాతే "ఇదే రేటుకు ఈఎంఐ ఇస్తారా?" అనండి. ముందే ఈఎంఐ అన్నారంటే, ఆ తర్వాత ఎంత అడిగినా "రెండింటికీ ఒకటే రేటు సార్" అన్న జవాబే వస్తుంది. రెండో షాపుకు వెళ్లక తప్పదు. అబిడ్స్ జగదీశ్ మార్కెట్లో ఫోన్‌కైనా, సికింద్రాబాద్‌లో లాప్‌టాప్‌లకు పేరుబడ్డ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనైనా ఇదే పద్ధతి.

ఆన్‌లైన్‌లో క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే వేషం వేరు. 30,000 ఫోన్‌కు ఆరు నెలలు, నెలకు 5,000 అని చూపిస్తారు. బ్యాంకు ఏడాదికి 16 శాతం వేస్తుందనుకుందాం. అప్పుడు సుమారు 1,350 వడ్డీ పడుతుంది. ఆ మొత్తాన్ని అమ్మేవాళ్లు ముందే ధరలో తగ్గించి, 28,650 మీద ఈఎంఐ మొదలుపెడతారు. లెక్క సరిపోయినట్టే ఉంటుంది. కానీ కార్డు వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఉంది, అది దాదాపు 243. దానికి ఎవరూ డిస్కౌంట్ ఇవ్వరు. ప్రాసెసింగ్ ఫీజు 199 ఉంటే జీఎస్టీతో 235. మొత్తం 478 అదనం. చిట్కాతో చూస్తే నూటికి అర్ధరూపాయి కూడా కాదు. ఇది నాకైతే నష్టంగా అనిపించదు, ఒక షరతు మీద: మొత్తం ఒకేసారి కడితే వచ్చే బ్యాంకు ఆఫర్ ఏదీ పోకూడదు. అదే ఫోన్‌కు ఒకేసారి కడితే 1,500 తగ్గింపు ఉండి, ఈఎంఐకి లేకపోతే, ఆ 1,500ను కూడా లెక్కలో కలపండి. వడ్డీ రెండు రూపాయలకు చేరుతుంది. మధ్యలో ఈఎంఐ మూసేయాలంటే బ్యాంకు ఫోర్‌క్లోజర్ చార్జీ వేయవచ్చు, అది కూడా ముందే చూసుకోండి.

కాగితాల మాటకొస్తే, రిజర్వ్ బ్యాంకు 2013లోనే సున్నా వడ్డీ అనేదే లేదని, దాన్ని ప్రాసెసింగ్ ఫీజు లాంటి పేర్లతో కస్టమర్ మీద వేస్తున్నారని బ్యాంకులను హెచ్చరించింది. 2024 అక్టోబర్ నుంచి రిటైల్ లోన్లకు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలి, అందులో ఏడాది వడ్డీ రేటును అన్ని చార్జీలతో కలిపి చూపించాలి. క్రెడిట్ కార్డు బాకీలకు ఇది వర్తించదు. షాపులో ఓటీపీ చెప్పే ముందు ఆ కాగితాన్ని ఫోన్‌లో తెరిపించి చదవండి. ఫీజు, అడక్కుండా అంటగట్టిన ఇన్సూరెన్స్ దొరికేది అక్కడే. వదిలేసుకున్న డిస్కౌంట్ మాత్రం అందులో వెతికినా కనిపించదు. అది అప్పు తాలూకు చార్జీ కాదు, షాపు వేరొకరికి ఇచ్చే తగ్గింపు. మా వదిన స్కీమ్ కాగితం తీసి ఉంటే 590 ఫీజు ఉండేది, 3,000 ఉండేది కాదు.

చివరికి ఆమె పాప స్కూలు ఫీజు కోసం పక్కన పెట్టిన డబ్బులోంచి 45,000 కట్టేసింది. ఫీజు గడువు జనవరిలో. నెలకు 15,000 చొప్పున మూడు నెలల్లో ఆ డబ్బు తిరిగి పెట్టుకోగలననే ధైర్యంతోనే కట్టింది. ఆ ధైర్యం లేకపోతే నేను కూడా పన్నెండు నెలల రూపాయి వడ్డీ స్కీమ్ ఎక్కడైనా ఉందేమో వెతుకుదామనేవాణ్ని. బిల్లు చేస్తూ కుర్రాడు మెల్లగా అన్నాడు: "అన్నా, ఫైనాన్స్ ఫైల్ అయ్యుంటే నాకు ఇన్సెంటివ్ వచ్చేది." వదిన నవ్వి, డెలివరీ రోజున టీకి రమ్మంది.