భర్త చనిపోయాక ఫ్యామిలీ పెన్షన్: ట్రెజరీకి దరఖాస్తు ఎలా రాయాలి?

రాష్ట్ర ప్రభుత్వంలో ఉద్యోగం చేసి రిటైరైన భర్త చనిపోతే, భార్యకు ఫ్యామిలీ పెన్షన్ కొత్తగా మంజూరు కావాల్సిన పని సాధారణంగా ఉండదు. ఆయన రిటైరైనప్పుడు ఇచ్చిన పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు, అంటే పీపీఓ పుస్తకంలోనే ఆమె పేరు, ఆమెకు రావాల్సిన మొత్తం రాసి ఉంటాయి. దాన్ని మొదలుపెట్టమని సబ్ ట్రెజరీ అధికారిని అడగడమే ఈ దరఖాస్తు. హైదరాబాద్‌లో అయితే ఆయన పెన్షన్ తీసుకున్న పెన్షన్ చెల్లింపు కార్యాలయంలో ఇవ్వాలి.

అందుకే ముందు ఇంట్లో పీపీఓ వెతకండి. అందులో మీ పేరు ఎలా ఉందో, ఆధార్‌లో ఎలా ఉందో పక్కపక్కన పెట్టి చూడండి. పీపీఓలో "లక్ష్మి", ఆధార్‌లో "వెంకటలక్ష్మి" అని ఉంటే కౌంటర్ దగ్గరే ఆగిపోతుంది. రెండు పేర్లూ ఒకరివేనని తహసీల్దార్ ధ్రువపత్రం గానీ, అఫిడవిట్ గానీ అడుగుతారు. అసలు మీ పేరే లేకపోయినా, చనిపోయిన మొదటి భార్య పేరే ఉన్నా ట్రెజరీ చేతుల్లో ఏమీ ఉండదు. ఆయన చివరగా పనిచేసిన ఆఫీసు ద్వారా అకౌంటెంట్ జనరల్‌కు ప్రతిపాదన వెళ్లాలి.

మరణ ధ్రువపత్రం చేతికి వచ్చేదాకా ఆగకుండా, మరణించిన సంగతి ట్రెజరీకి వెంటనే కాగితం మీద తెలియజేయండి. ఎందుకో ఒక లెక్కలో చూద్దాం. ఆయన చివరి జీతం 50,000, పెన్షన్ 25,000. అందులో 40 శాతాన్ని కమ్యుటేషన్ చేసినందుకు, అంటే ముందే ఏకమొత్తంగా తీసుకున్నందుకు, నెలకు 10,000 కోత. కరువు భత్యం 30 శాతం అనుకుంటే, అది కోతకు ముందున్న 25,000 మీద లెక్కగడతారు కాబట్టి 7,500. మొత్తం 22,500 వస్తోంది. జూన్ 12న ఆయన చనిపోయారు. ఆయన పెన్షన్ 12వ తేదీ వరకే, అంటే 9,000. ట్రెజరీకి తెలియక జులై 1న పూర్తి 22,500 జమ అయితే, అదనంగా వచ్చిన 13,500 వెనక్కి కట్టాలి, లేదా మీకు వచ్చేదాంట్లో సర్దుకుంటారు. ఆ ఖాతాలోంచి ఏటీఎంతో డబ్బు తీయొద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి.

ఫ్యామిలీ పెన్షన్ 13వ తేదీ నుంచి మొదలవుతుంది. మామూలు రేటు చివరి జీతంలో 30 శాతం, అంటే 15,000. ఆయన కమ్యుటేషన్ కోత మీకు వర్తించదు. కరువు భత్యం మాత్రం 15,000 మీదే, 4,500. మొత్తం 19,500. చాలామంది "బేసిక్ అంతే ఉంది కదా, మూడు వేలు ఎందుకు తగ్గింది?" అని టెన్షన్ పడతారు; తేడా కరువు భత్యంలో ఉంది. రిటైరైన కొద్ది ఏళ్లకే చనిపోతే 50 శాతం రేటు కొంతకాలం వస్తుంది. అది ఏ తేదీ వరకో పీపీఓలోనే రాసి ఉంటుంది. ఆ తేదీ దాటకపోతే దరఖాస్తులో తప్పక అడగండి.

ఉత్తరం ఇలా ఉంటే చాలు:

"సబ్ ట్రెజరీ అధికారి గారికి,
అయ్యా, నా భర్త శ్రీ ______, రిటైర్డ్ ______, పీపీఓ నంబర్ ______, మీ కార్యాలయం ద్వారా పెన్షన్ పొందుతూ తేదీ ______ న మరణించారు. పీపీఓలో నమోదైన ప్రకారం నేను ఆయన భార్యను. మరణించిన మర్నాటి నుంచి నాకు ఫ్యామిలీ పెన్షన్ ప్రారంభించవలసిందిగా కోరుతున్నాను. మరణించిన తేదీ వరకు ఆయనకు రావాల్సిన బకాయిని, అంత్యక్రియల సాయాన్ని కూడా చెల్లించగలరు. నేను పునర్వివాహం చేసుకోలేదు. నా బ్యాంకు ఖాతా నంబర్ ______, ఐఎఫ్ఎస్‌సీ ______.
ఇట్లు, సంతకం / వేలిముద్ర, ఫోన్ నంబర్, తేదీ."

బకాయి మాట విడిగా రాయమన్నది ఊరికే కాదు. ఫ్యామిలీ పెన్షన్ మొదలైనంత మాత్రాన ఆ 9,000 దానంతటదే రాదు. ఆయన నామినేషన్ ఇచ్చి ఉంటే నామినీకి ఇస్తారు, లేకపోతే వారసుల ధ్రువపత్రం అడగవచ్చు.

దీంతోపాటు పీపీఓ ఒరిజినల్, మరణ ధ్రువపత్రం, ఆధార్, పాన్, మీ పేరున్న పాస్‌బుక్ నకళ్లు, ఫొటోలు ఇవ్వాలి. గుర్తింపు కోసం మీరే స్వయంగా వెళ్లాలి. పుట్టుమచ్చలు, నమూనా సంతకాలు నమోదు చేసుకుంటారు. పీపీఓ ఇచ్చే ముందు ప్రతి పేజీ జిరాక్స్ తీసి పెట్టుకోండి, దరఖాస్తు రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి.

పీపీఓ తిరిగి వచ్చాక మీ పుట్టిన తేదీ ఎక్కించారో లేదో చూడండి. 70 ఏళ్లు దాటాక వచ్చే అదనపు పెన్షన్‌ను ఇకమీదట ఆయన వయసుతో కాక మీ వయసుతో లెక్కిస్తారు. తేదీ లేకపోతే ఆ పెంపు ఆగిపోతుంది. ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ కూడా ఇక మీ పేరు మీదే ఇవ్వాలి.