ఎస్టిమేట్‌లో వేస్టేజీ ఎక్కడ కలపాలి?

ఇంటి ఎస్టిమేట్ వేసేటప్పుడు చాలామంది మొత్తం రూపాయల్లో తేల్చేసి, చివర్లో "అన్నిటికీ కలిపి ఓ 5 శాతం" అని వేసేస్తారు. అలా వద్దు. రేటు వేయకముందే, ఒక్కో సామాను క్వాంటిటీకి దాని వేస్టేజీ కలపండి. మామూలుగా సిమెంటుకి 2–3 శాతం, స్టీలుకి 3–5, ఇటుకలకి 5, ఇసుకకి 5–10 వేసుకుంటారు. ఇసుక నేలపాలయ్యేదే ఎక్కువ.

అసలు తేడా టైల్స్‌లో వస్తుంది. గుంటూరులో మా బావగారి హాలు 20×15, అంటే 300 చదరపు అడుగులు. రెండడుగుల టైల్స్, పెట్టెకి నాలుగు, సుమారు 15.5 చదరపు అడుగులు. లెక్క ప్రకారం 19.4 పెట్టెలు, కాబట్టి 20 తెచ్చేశారు. గోడ వారన కోసిన ముక్కలు పనికిరాక ఒక పెట్టె తక్కువైంది. మళ్ళీ కొట్టుకెళ్తే ఆ బ్యాచ్ అయిపోయింది, కొత్తదాని షేడ్ కాస్త వేరు. సోఫా కింద దాచారనుకోండి!

8 శాతం కలిపి ఉంటే 324 అయ్యేది, అంటే 21 పెట్టెలు. అదే టైల్స్ ఐమూలగా వేయిస్తే 15 శాతం కలపాలి, 23 పెట్టెలు పడతాయి. శాతం కలిపాకే పై పెట్టెకి రౌండ్ చేయాలి, ముందు కాదు. గోడల అడుగున పట్టీలా వేసే స్కర్టింగ్ ఈ లెక్కలో లేదు, దాన్ని విడిగా కొలవండి.

మేస్త్రి ఇచ్చిన క్వాంటిటీలో వేస్టేజీ ఇప్పటికే కలిపాడా అని మాత్రం ముందే అడగండి. అడగకపోతే అది రెండుసార్లు పడొచ్చు.