పేరు సంఖ్య ఎలా లెక్కించాలి? పైథాగరస్, కాల్డియన్ పద్ధతుల తేడా

Srinivas అనే పేరుకు సంఖ్యాశాస్త్రం చూసేవాళ్లలో ఒకరు 3 అంటారు, ఇంకొకరు 4 అంటారు. ఇద్దరి కూడికా సరైనదే. ఒకరు చూసింది పైథాగరస్ పట్టిక, ఇంకొకరు చూసింది కాల్డియన్ పట్టిక. రెండింటిలోనూ లెక్కకు వచ్చేవి ఇంగ్లిష్ అక్షరాలే. అందుకే ‘శ్రీనివాస్’ అని తెలుగులో ఒకే తీరుగా రాసుకునే పేరుకు ఇంగ్లిష్ స్పెల్లింగ్ మారినప్పుడల్లా కొత్త సంఖ్య పుడుతుంది.

ముందు పట్టికలు దగ్గర పెట్టుకోండి.

```
      పైథాగరస్      కాల్డియన్
1     A J S         A I J Q Y
2     B K T         B K R
3     C L U         C G L S
4     D M V         D M T
5     E N W         E H N X
6     F O X         U V W
7     G P Y         O Z
8     H Q Z         F P
9     I R           (లేదు)
```

పైథాగరస్ పట్టికను కంఠతా పట్టనక్కర్లేదు. A నుంచి వరసగా 1 నుంచి 9 వరకు వేసి, J దగ్గర మళ్లీ 1తో మొదలుపెడితే చాలు. పేరు పైథాగరస్‌దే అయినా ఈ పట్టిక ఆయన వేసింది కాదు. ఆయన కాలానికి ఈ 26 అక్షరాల వరసే లేదు. ఇప్పుడు వాడుకలో ఉన్న రూపం 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో ప్రచారంలోకి వచ్చింది.

కాల్డియన్ పట్టిక గజిబిజిగా కనిపిస్తుంది కానీ దానికీ ఒక లెక్క ఉంది. హీబ్రూ అక్షరాలకు పాతకాలం నుంచి అంకెల విలువలున్నాయి: మొదటి పది అక్షరాలకు 1 నుంచి 10, ఆ తర్వాత 20, 30 అలా 400 దాకా. సున్నాలు తీసేసి చూడండి. ‘పే’ విలువ 80, మన P, F లకు 8 వచ్చింది. ‘రేష్’ 200, R కు 2. ‘వావ్’ 6, అందుకే U, V, W మూడూ 6 దగ్గర చేరాయి. 9, 90 విలువలున్న ‘తేత్’, ‘త్సాదే’లకు ఇంగ్లిష్‌లో సరైన జోడీ లేదు, 9 గడి ఖాళీగా ఉండిపోయింది. 9 పవిత్రమైన అంకె కాబట్టి ఏ అక్షరానికీ ఇవ్వలేదని చెబుతుంటారు గానీ, నాకు జోడీ లేదన్న కారణమే సబబుగా అనిపిస్తుంది. ఈ పద్ధతిని ఇంగ్లిష్ పాఠకుల్లో బాగా ప్రచారం చేసినవాడు చేతిరేఖలు చూసి జోస్యం చెప్పిన కీరో (1866–1936).

ఇక లెక్కలోకి వద్దాం. మొదట తేల్చుకోవాల్సింది ఏ పేరు తీసుకోవాలన్నది. పైథాగరస్ పద్ధతిలో పుట్టినప్పుడు నమోదైన పూర్తి పేరు తీసుకుంటారు, అంటే ఇంటిపేరు పూర్తిగా విప్పి రాయాలి. కాల్డియన్‌లో జనం పిలిచే, మీరు సంతకంలో వాడే పేరు తీసుకుంటారు. K. Srinivas అని వాడుతుంటే ఇంటిపేరు నుంచి K ఒక్కటే లెక్కలోకి వస్తుంది. మనవాళ్ల లెక్కలు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

పేరు తేలాక ప్రతి అక్షరం కింద దాని విలువ రాసి కూడండి. ప్రస్తుతానికి ఇంటిపేరు పక్కనపెట్టి ఒక్క Srinivas చూద్దాం.

```
              S  R  I  N  I  V  A  S
పైథాగరస్      1  9  9  5  9  4  1  1  = 39
కాల్డియన్     3  2  1  5  1  6  1  3  = 22
```

తర్వాత ఒంటి అంకె వచ్చేదాకా అంకెల్ని కూడాలి. 39 అంటే 3+9=12, మళ్లీ 1+2=3. పైథాగరస్ పేరు సంఖ్య 3. కాల్డియన్‌లో 22 అంటే 2+2=4.

ఈ 22 దగ్గర కాస్త ఆగాలి. పైథాగరస్ వాళ్లకు 11, 22, 33 మాస్టర్ నంబర్లు. వాటిని కుదించకుండా అలాగే ఉంచుతారు, 22ను గొప్ప నిర్మాతల సంఖ్య అంటారు. కాల్డియన్ వాళ్లకు రెండంకెల మొత్తమే అసలు విషయం, దాన్ని సంయుక్త సంఖ్య అంటారు. కీరో వివరణలో 22 భ్రమల్లో బతికే మనిషికి హెచ్చరిక. ఒకరి దగ్గర కిరీటమైన సంఖ్య ఇంకొకరి దగ్గర ప్రమాద సూచిక! కాబట్టి ఒక పద్ధతిలో లెక్క కట్టి ఇంకో పద్ధతి ఫలితాలు చదివితే అర్థం తలకిందులవుతుంది.

ఇప్పుడు స్పెల్లింగ్ మార్చి చూడండి. Sreenivas అని రాస్తే పైథాగరస్ మొత్తం 40, అంటే 4. కాల్డియన్ మొత్తం 31, అదీ 4. పైథాగరస్‌లో 3 కాస్తా 4 అయింది, కాల్డియన్‌లో ఒంటి అంకె కదల్లేదు. ఎందుకంటే కాల్డియన్‌లో I విలువ 1, EE విలువ 10. పెరిగింది సరిగ్గా 9. మొత్తానికి 9 కలిపినా తీసినా చివరి ఒంటి అంకె మారదు, చిన్నప్పుడు బడిలో 9తో భాగహారం సరిచూసుకున్న సూత్రమే ఇది. పైథాగరస్‌లో I కి 9, EE కి 10, కాబట్టి ఒకటి పెరుగుతుంది. ఏ పేరులోనైనా ఒక I బదులు EE రాస్తే ఇదే జరుగుతుంది.

U ను OO చేస్తే కథ అటుదిటు అవుతుంది. పైథాగరస్‌లో U కి 3, OO కి 12, తేడా 9. అందుకే Murthy (33), Moorthy (42) రెండూ 6కే దిగుతాయి. 33 అనే మాస్టర్ నంబర్ మాత్రం చేజారుతుంది. కాల్డియన్‌లో అవే పేర్లు 22, 30 అయి, 4 నుంచి 3కు మారతాయి. V బదులు W రాస్తే కాల్డియన్‌లో ఏమీ మారదు, పైథాగరస్‌లో ఒకటి పెరుగుతుంది. చివర A చేర్చడం రెండింటిలోనూ ఒకటి కలపడమే. ‘పేరులో ఇంకో E పెట్టండి’ అని ఎవరైనా సలహా ఇస్తే ఏ పట్టిక ప్రకారమో ముందు అడగండి. ఈ సంఖ్యలు జీవితాన్ని మారుస్తాయనడానికి రుజువు లేదు. పాన్‌లో ఒక స్పెల్లింగ్, ఆధార్‌లో ఒకటి ఉంటే లింక్ చేసేటప్పుడు ఇబ్బంది మాత్రం రావచ్చు.

ఇంటిపేరు కలిసినప్పుడు ఇంకో మెలిక ఉంది. Srinivas Rao కాల్డియన్‌లో 22+10=32. కొందరు ఈ 32నే సంయుక్త సంఖ్యగా చదువుతారు. మరికొందరు ఏ పదానికా పదం విడిగా ముందే కుదించి 4+1=5 అంటారు. చివరి అంకె ఎలాగూ 5, కానీ రెండో దారిలో 32 కనిపించదు. ఏదో ఒక దారి ఎంచుకుని, ఇంట్లో అందరి పేర్లకూ అదే పాటించండి.

వెబ్‌సైట్లోనో యాప్‌లోనో లెక్కిస్తే అది ఏ పట్టిక వాడుతోందో చాలాసార్లు చెప్పదు. పరీక్షించడానికి Kamala లాంటి పేరు పనికిరాదు, ఆ అక్షరాలన్నిటికీ రెండు పట్టికల్లోనూ ఒకటే విలువ, ఎటు చూసినా 12 వస్తుంది. ఉత్త R ఒక్కటే టైప్ చేయండి. 9 వస్తే పైథాగరస్, 2 వస్తే కాల్డియన్.