టీవీ ప్రకటనలో విన్న సింఫనీ బిట్టు: పేరు ఎలా పట్టుకోవాలి, ఏ రికార్డింగ్ వినాలి

కావలిలో ఉండే మా అక్క కొడుకు టీవీ ముందు ఫోన్ పెట్టి ఒక ముక్క రికార్డు చేసి వాట్సాప్‌లో పంపాడు. "మామా, ఇది టైటాన్ వాచీల మ్యూజిక్. అసలు పాట ఎవరిది? యాప్‌లో రావట్లేదు" అన్నాడు. ఆ రాగానికి మూలం మొజార్ట్ 25వ సింఫనీ మొదటి భాగం. 1773లో, పదిహేడేళ్ళ వయసులో సాల్జ్‌బర్గ్‌లో రాశాడు. కానీ పేరు వెతికేటప్పుడు ఒకచోట, నేను పేరు చెప్పాక కూడా రెండు చోట్ల, మొత్తం మూడు చోట్ల వాడు ఆగిపోయాడు. నెల్లూరులో, ఒంగోలులో నన్ను ఇలాంటివి అడిగేవాళ్ళందరూ దాదాపు అక్కడే ఆగుతారు. అందుకే ఈ ఒక్క సింఫనీనే పట్టుకుని వివరంగా రాస్తున్నాను.

సమస్య: యాప్ ఏ పేరూ చెప్పదు, లేదా ఏదో సంబంధం లేని పేరు చెబుతుంది

కారణం: షాజమ్ లాంటి యాప్ రాగాన్ని గుర్తుపట్టదు, ఒక ఫలానా రికార్డింగ్‌ని గుర్తుపడుతుంది. ఆ శబ్దంలో ఏ క్షణాన ఏ స్థాయి గట్టిగా వినిపించిందో అచ్చుగా తీసుకుని, తన దగ్గరున్న అచ్చులతో పోల్చి చూస్తుంది. ప్రకటన కోసం అదే రాగాన్ని వేరే వాళ్ళతో, వేరే వేగంతో మళ్ళీ వాయించి ఉంటే అచ్చు కలవదు. పైన ఎవరో మాట్లాడుతూ ఉంటే ఇంకా కష్టం.

మళ్ళీ వాయించిందే అని తేల్చుకోవడానికి ఒక గుర్తుంది. మొజార్ట్ ఈ సింఫనీని వయొలిన్ కుటుంబపు వాయిద్యాలకు, ఊదే వాయిద్యాల్లో రెండు ఓబోలకు, రెండు బసూన్లకు, నాలుగు హార్న్‌లకు మాత్రమే రాశాడు. ఫ్లూటు లేదు, డ్రమ్ములు లేవు. మీ బిట్టులో ఫ్లూటో, తబలానో, గిటారో వినిపించిందంటే అది మూలం కాదు. యాప్‌తో ఎంతసేపు కుస్తీ పట్టినా లాభం లేదు.

పరిష్కారం: మీరే కూనిరాగం తీయండి. ఫోన్లో గూగుల్ యాప్ తెరిచి, మైకు నొక్కి, `Search a song` అన్నదాన్ని ఎంచుకుని పది పదిహేను సెకన్లు రాగం పాడండి. ఇది రాగం ఎక్కడ ఎక్కింది, ఎక్కడ దిగింది అన్నదాన్ని పోలుస్తుంది కాబట్టి వాయిద్యం మారినా, శ్రుతి మారినా ఫర్వాలేదు. మాటలు కలపకుండా "లా లా" అనండి. ఫ్యాన్ ఆపండి.

సమస్య: పేరు దొరికింది, కానీ తెరిచి వింటే అది కాదనిపిస్తోంది

ఎక్కువమంది వదిలేసేది ఇక్కడే. దీనికి రెండు కారణాలు ఉంటాయి.

మొదటిది, మీరు తెరిచింది వేరే సింఫనీ కావచ్చు. మొజార్ట్ జి మైనర్‌లో రాసిన సింఫనీలు రెండు: 25, 40. మైనర్ అంటే విషాదం పలికే స్వరాల వరుస. నలభయ్యోది బాగా ప్రసిద్ధం కాబట్టి "మొజార్ట్ జి మైనర్" అని వెతికితే ముందు అదే వస్తుంది. తేడా తెలియడానికి స్వరాలు వేసి చూడండి. కీబోర్డు మీద జి, అంటే ఐదు శ్రుతి, షడ్జమం అనుకోండి. నలభయ్యోది మెల్లగా మొదలై *ద ప ప, ద ప ప, ద ప ప గ* అంటుంది. ఇరవై ఐదోది మొదలవడమే గట్టిగా మొదలై *స, ప, ద, ని* అని నాలుగు పెద్ద స్వరాలు నిలబెడుతుంది. ధైవతం శుద్ధం, నిషాదం కాకలి. సంగీతం నేర్చుకున్నవాళ్ళకు కీరవాణి స్వరాలని వెంటనే తెలుస్తుంది. ఆ నాలుగు స్వరాల్ని ఓబోలు నిటారుగా పట్టుకుని ఉంటే, వయొలిన్లు మాత్రం తాళం దెబ్బ మీద పడకుండా దెబ్బల మధ్య పడుతూ తోస్తుంటాయి. ఆ తోపు వినిపిస్తే 25 అని రాసిపెట్టుకోవచ్చు.

రెండో కారణం, సింఫనీ సరైనదే అయినా మీరు మొదలు మాత్రమే విని మూసేసి ఉంటారు. ప్రకటన వాళ్ళకు మొదలే కావాలన్న నియమం లేదు. మావాడు చెప్పింది కూడా ఇదే: "మామా, ఇదేదో యుద్ధంలా ఉంది, నేను విన్నది హాయిగా ఉంది." ఈ మొదటి భాగం కాసేపు ఉధృతంగా నడిచి బి ఫ్లాట్ మేజర్‌లోకి మారుతుంది. మన లెక్కలో, పాత సాధారణ గాంధారం కొత్త షడ్జమం అవుతుంది, కీరవాణి పోయి శంకరాభరణం స్వరాలు వస్తాయి. అక్కడ తేలికగా, గెంతుతున్నట్టుండే రెండో రాగం ఒకటి ఉంది. కాబట్టి మీ బిట్టు సంతోషంగా ఉంది, ఇది మైనర్ సింఫనీ కాదు అని కొట్టిపారేయకండి. కనీసం రెండు నిమిషాలు వినండి. అదే రెండో రాగం చివర్లో మళ్ళీ వస్తుంది, ఈసారి జి మైనర్‌లో. అక్కడ దాని ముఖమే మారిపోతుంది. ఈ సింఫనీలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అది.

సరైన భాగం దొరకడానికి ఇలా టైప్ చేయండి: `Mozart Symphony 25 K 183 Allegro con brio`. పేరు పక్కన రోమన్ అంకె `I` ఉందో లేదో చూడండి, అదే మొదటి భాగం. కొన్ని చోట్ల `K. 173dB` అని ఉంటుంది, అది కూడా ఇదే. K పక్కనుండేది మొజార్ట్ రచనల జాబితాలో దాని అంకె.

సమస్య: పాతిక రికార్డింగులు కనిపిస్తున్నాయి, నిడివి ఒక్కోటి ఒక్కోలా ఉంది

కారణం: మొజార్ట్ ఈ భాగంలో మొదటి సగాన్నీ, రెండో సగాన్నీ మళ్ళీ వాయించమని గుర్తులు పెట్టాడు. ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్లలో కొందరు రెండూ పాటిస్తారు, కొందరు మొదటిదే పాటిస్తారు. అందుకే ఒకటి ఏడెనిమిది నిమిషాలుంటే ఇంకోటి పది దాటుతుంది. కోత పడిందని టెన్షన్ పడక్కర్లేదు.

ఇంకో విషయం. మీ హార్మోనియంతో పోలిస్తే శ్రుతి కాస్త దిగినట్టుంటే రికార్డింగ్ పాడైందనుకోకండి. క్రిస్టఫర్ హాగ్‌వుడ్ లాగా మొజార్ట్ కాలపు వాయిద్యాలతో చేసినవాళ్ళు ఎ స్వరాన్ని సెకనుకు 440 కంపనాలకు బదులు 430 దగ్గర పెట్టుకుంటారు. తేడా అర స్వరంలో సగం కూడా ఉండదు, కానీ తెలిసిన చెవికి పట్టేస్తుంది.

పరిష్కారం: ముందుగా, కండక్టరు పేరు, ఆర్కెస్ట్రా పేరు లేనివి వదిలేయండి. "బెస్ట్ ఆఫ్ మొజార్ట్" లాంటి పోగుల్లో కంప్యూటర్‌తో చేసినవి కూడా కలిసిపోతాయి. మిగిలిన వాటికి ఒకే పరీక్ష పెట్టండి. మొదటి ఉధృతం తగ్గాక ఒక ఓబో ఒంటరిగా అదే *స, ప, ద, ని* మెల్లగా పాడుతుంది. ఓబో కూడా నాదస్వరంలా జంట రెల్లు పీకతో ఊదే వాయిద్యమే, ఆ ఏడుపు ధ్వని మన చెవికి కొత్త కాదు. అక్కడ ఓబో స్పష్టంగా ముందుకు వచ్చి, కింద వయొలిన్లు ఊపిరి బిగబట్టినట్టు తగ్గితే ఆ రికార్డింగ్ ఉంచుకోండి. ఓబో వయొలిన్ల కింద నలిగిపోతే ఇంకోటి చూడండి.

నెవిల్ మారినర్, అకాడమీ ఆఫ్ సెయింట్ మార్టిన్ ఇన్ ది ఫీల్డ్స్ వాళ్ళది మొదటిసారి వినేవాళ్ళకు సులువు. చురుగ్గా, శుభ్రంగా ఉంటుంది. 1984 నాటి 'అమేడియస్' సినిమా మొదట్లో వినిపించేది వీళ్ళు వాయించిందే. కార్ల్ బోమ్, బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో చేసింది నిండుగా, బరువుగా ఉంటుంది. హాగ్‌వుడ్‌ది పదునుగా ఉంటుంది. హార్న్‌లు గరుకుగా పలుకుతాయి, లోపల హార్ప్సికార్డ్ అనే పాతకాలపు కీబోర్డు వాయిద్యం తీగల చప్పుడు వినిపిస్తుంది. ప్రకటనలోని నునుపుకు అలవాటైన చెవికి మొదట అది దురుసుగా తోచవచ్చు.

నన్ను ఒక్కటే చెప్పమంటే చార్లెస్ మాకెరాస్, ప్రాగ్ చేంబర్ ఆర్కెస్ట్రాది చెబుతాను. వాయిద్యాలు నేటివే, ఆర్కెస్ట్రా మాత్రం చిన్నది, గుర్తు పెట్టిన చోటల్లా మళ్ళీ వాయిస్తారు. రెండో రాగాన్ని మేజర్‌లో ఒకసారి, మైనర్‌లో ఒకసారి పోల్చుకుని వినాలంటే ఇదే అనువు. ఫోన్ స్పీకర్లో మాత్రం వినకండి. కింది స్వరాలు అందులో రావు, ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి.