ఎండల్లో అలిపిరి మెట్లెక్కే ముందు: లోదుస్తుల గుడ్డ, తొడల ఒరుపు, గజ్జల్లో తామర

అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. ఏప్రిల్, మే నెలల్లో ఈ దారి ఎక్కేవాళ్ళు కాళ్ళ నొప్పులకు సిద్ధపడి వస్తారు. తొడలు ఒరుసుకుపోతాయని మాత్రం ఎవరూ ముందుగా అనుకోరు. తీరా పైకి చేరేసరికి కాళ్ళు ఎడంగా పెట్టి నడుస్తుంటారు. దీనికి సగం కారణం ఒళ్ళు, మిగతా సగం లోపల వేసుకున్న గుడ్డ.

పంచె కట్టుకుని, లోపల మామూలు కాటన్ కట్ డ్రాయరు వేసుకున్న కాస్త బొద్దు మనిషిని తీసుకుందాం. గాలిగోపురం దాకా మెట్లు నిటారుగా ఉంటాయి. అక్కడికి చేరేసరికి డ్రాయరు పిండితే నీళ్ళు కారేలా ఉంటుంది. అప్పటికి ఇంకా ఇబ్బంది తెలియదు. ఆ తర్వాత దారి చాలా దూరం చదునుగా సాగుతుంది, అడుగులు పెద్దవవుతాయి, వేగం పెరుగుతుంది. కట్ డ్రాయరు తొడను కప్పదు కాబట్టి తడిచర్మం తడిచర్మాన్ని రాస్తుంది. పొడి చర్మం కన్నా చెమటపట్టిన చర్మానికి రాపిడి ఎక్కువ. దానికి తోడు డ్రాయరు అంచున ఉన్న ఎలాస్టిక్ సరిగ్గా గజ్జల మడతలోనే ఉంటుంది. మోకాళ్ళ మెట్టు దగ్గరికి వచ్చేసరికి రెండువైపులా ఎర్రటి చారలు తేలి, చెమట తగిలితే భగ్గుమంటాయి. ఆ పైన అదే తడి డ్రాయరుతో దర్శనం కంపార్ట్‌మెంట్లో గంటల తరబడి కూర్చోవాలి. రాపిడితో పైపొర గీరుకుపోయిన చర్మం, తడి, వేడి, గాలి ఆడకపోవడం, ఈ నాలుగూ కలిసేది అక్కడే. తామర వచ్చేదైతే అప్పుడే కనిపించదు, వారం పది రోజులకు ఇంట్లో ఉన్నప్పుడు మొదలవుతుంది. అందుకే చాలామంది దాన్ని ఈ ప్రయాణంతో ముడిపెట్టరు.

ఎండాకాలానికి కాటనే మంచిదన్న మాట సగమే నిజం. మామూలు గాలిలో 100 గ్రాముల కాటన్ దారం సుమారు 8 గ్రాముల తేమను తనలో ఉంచుకుంటుంది, మోడల్ అనే రకం దారం 12 గ్రాముల దాకా ఉంచుకుంటుంది, పాలిస్టర్ అర గ్రాము కూడా పట్టదు. ఒక మోస్తరు చెమటకు కాటన్ హాయిగా ఉండేది ఇందుకే. అది చెమటను పీల్చి చర్మాన్ని పొడిగా ఉంచుతుంది. కానీ పట్టగలిగినంతా పట్టాక దారం ఉబ్బి, గుడ్డ బరువెక్కి, ఒంటికి అతుక్కుని, ముడతలు పడి పైకి చుట్టుకుపోతుంది. ఆరడానికి చాలాసేపు పడుతుంది. ఆఫీసులో కూర్చునేవారికి ఆ దశ రాదు. మెట్లెక్కేవారికి ఒక గంటలో వస్తుంది.

మోడల్ అంటే చెట్టు గుజ్జు నుంచి, ఎక్కువగా బీచ్ కలప నుంచి తీసే దారం. కాటన్ కన్నా నున్నగా, మెత్తగా ఉంటుంది కాబట్టి పొడిగా ఉన్నంతసేపు దాని రాపిడి తక్కువ. ఎలాస్టిక్ గీతలకే కందిపోయే సున్నితమైన చర్మం వాళ్ళకు రోజువారీ వాడకానికి ఇది బాగా నప్పుతుంది. అయితే నీళ్ళు పట్టడంలో ఇది కాటన్‌నే మించిపోతుంది. అంగట్లో ఖరీదు ఎక్కువ కదా అని నడకకు దీన్ని ఎంచుకోవడం అంత తెలివైన పని కాదు.

మైక్రోఫైబర్ అంటే చాలా సన్నని పాలిస్టర్ లేదా నైలాన్ పోగులు. పోగు లోపలికి నీరు పెద్దగా వెళ్ళదు, పోగుల మధ్య సందుల్లోంచి పాకి బయటివైపుకు వచ్చి ఆరిపోతుంది. ఇది పనిచేయాలంటే బయట గాలి తగలాలి. పంచె, వదులు పైజామా కింద బాగా పనిచేస్తుంది. బిగుతు లెగ్గింగ్స్ కింద చెమట పోయే దారి లేక లోపలే ఉడికిస్తుంది. పైగా మైక్రోఫైబర్ అని రాసినవన్నీ ఒకటి కావు. కొన్నదాన్ని ఒకసారి ఉతికి ఆరబెట్టి, చర్మానికి తగిలే వైపు ఒక చుక్క నీళ్ళు వేసి చూడండి. చుక్క క్షణాల్లో వెడల్పుగా పాకితే నడకకు పనికొస్తుంది. ముత్యంలా పైనే నిలిచి జారిపోతే, చెమట కూడా చర్మం మీదే అలా నిలుస్తుంది.

కాబట్టి నడకకు మైక్రోఫైబర్, దాంట్లోనూ సగం తొడ దాకా వచ్చే ట్రంక్ రకం. గుడ్డ ఏదన్నదాని కన్నా ఈ పొడవే ముఖ్యం, ఎందుకంటే చర్మానికీ చర్మానికీ మధ్య గుడ్డ ఉండాలి. లోపలి తొడమీద ఉబ్బెత్తు కుట్టు లేకుండా చూసుకోండి. చీర కట్టుకునే ఆడవాళ్ళకూ ఇదే ఇబ్బంది. లోపావడా కింద తొడలు వట్టివిగా ఉంటాయి కనుక పొడవాటి షార్ట్స్ రకం వేసుకోవాలి, మధ్యలో కాటన్ అతుకు ఉన్నది చూసి తీసుకోవాలి. కొత్తదాన్ని నడక రోజే తొడగకుండా ముందే రెండుమూడు సార్లు ఉతికి వాడి ఉంచుకోండి.

బయలుదేరే ముందు పొడి చర్మానికి పెట్రోలియం జెల్లీ పలుచగా రాయండి, ఒక్కో తొడకు చెంచాలో సగం చాలు. గాలిగోపురం దగ్గర తుడుచుకుని ఇంకోసారి రాయాలి. పౌడరు నడకకు వద్దు, చెమటకు ఉండకట్టి అదే గీరుతుంది.

పైకి చేరాక వేసుకోవడానికి పొడి కాటన్ డ్రాయరు ఒకటి, చిన్న తువ్వాలు ఒకటి కవర్లో పెట్టి భుజం సంచిలోనే ఉంచుకోండి. అలిపిరిలో సామాన్లు అప్పగిస్తే పైకి చేరుస్తారు నిజమే, కానీ వాటిని తీసుకునే దాకా తడి బట్టల్లోనే ఉండాలి. స్నానం కుదరకపోతే గజ్జలు మంచినీళ్ళతో కడిగి, అద్ది తుడిచి, ఐదు నిమిషాలు ఆరనిచ్చి మార్చుకోవాలి. క్యూలో కూర్చోవడానికి కాటనైనా మోడలైనా సరే, వదులుగా ఉంటే చాలు.

మంట మిగిలితే అది ఏమిటో పోల్చుకోవాలి. వట్టి ఒరుపు రెండు తొడలమీదా రాపిడి తగిలిన చోటే ఉంటుంది, దురద కన్నా మంట ఎక్కువ, పొడిగా ఉంచితే రెండుమూడు రోజుల్లో తగ్గుతుంది. తామర అయితే దురద పెట్టి, అంచు ఉబ్బెత్తుగా ఎర్రగా, మధ్యలో కాస్త తేరుకున్నట్టుండి రోజురోజుకూ విస్తరిస్తుంది. మడతలో తడితడిగా బాగా ఎర్రబడి, చుట్టూ చిన్న చిన్న పొక్కులు విడివిడిగా ఉంటే అది తామర కాదు, క్యాండిడా అనే వేరే ఫంగస్ అని అనుమానించాలి. షుగరు ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువ.

మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో క్లోబెటాసోల్, బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రాసిన రెండో రోజుకే దురద పోతుంది, ఫంగస్ మాత్రం పోదు. ఆపగానే ఇంకా వెడల్పుగా తిరిగి వస్తుంది, అంచు చెదిరిపోయి డాక్టరుకు కూడా పోల్చడం కష్టమవుతుంది. ట్యూబు మీద ఆ పేర్లు ఉంటే తీసుకోకండి. మందులకు లొంగని తామర మన దేశంలో బాగా పెరిగింది కాబట్టి, మామూలు యాంటీఫంగల్ క్రీముతో రెండు వారాల్లో తగ్గకపోతే చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

తామర ఉన్నప్పుడు లోదుస్తులు, తువ్వాలు ఇంట్లోవాళ్ళవాటితో కలపకూడదు. ఫంగస్ చావాలంటే 60 డిగ్రీల వేడి నీళ్ళు కావాలి, అంటే చెయ్యి పెట్టలేనంత వేడి. కాటన్ దీన్ని తట్టుకుంటుంది. మైక్రోఫైబర్, మోడల్ గుడ్డల్లోని ఎలాస్టిక్ పోగులు మాటిమాటికీ అంత వేడికి సాగిపోతాయి, అందుకే మందు వాడినన్నాళ్ళూ కాటనే మేలు. ఉతికినవి తిరగేసి ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. మైక్రోఫైబర్‌కు ఫ్యాబ్రిక్ కండిషనర్ వాడొద్దు, అది పోగుల సందులు పూడ్చేసి చెమట పాకకుండా చేస్తుంది. ఉతికినా వాసన పోని మైక్రోఫైబర్‌ను నడకకు పక్కన పెట్టి కొత్తది తీసుకోండి.