స్కాన్ నార్మల్ వచ్చినా మర్నాడే బ్యాట్ పట్టనివ్వకండి

పరీక్షలు అయిపోయాయి, గ్రౌండ్లన్నీ నిండిపోతున్నాయి, ఇంకో వారంలో ఊరూరా టోర్నమెంట్లు మొదలవుతాయి. మా కాలనీ కుర్రాళ్ల టీమ్‌ని నేనే చూసుకుంటాను కాబట్టి సీజన్ మొదలవకముందే ఈ మాట చెప్పాలనిపించింది. వేలు విరిగితే ఏం చేయాలో అందరికీ తెలుసు, తలకి తగిలితే మాత్రం నీళ్లు కొట్టి, "రక్తం రాలేదుగా, ఆడు" అనేస్తాం.

పోయిన వేసవిలో మా అక్క కొడుక్కి జరిగింది చెప్తాను. వాడికి పదహారేళ్లు. గాల్లోకి లేచిన క్యాచ్ కోసం వాడూ ఇంకో కుర్రాడూ ఒకేసారి పరిగెత్తారు, అవతలివాడి భుజం వీడి కణతకి తగిలింది. స్పృహ తప్పలేదు, లేచి నవ్వుతూ ఫీల్డింగ్‌కి వెళ్లిపోయాడు. పది నిమిషాలయ్యాక బౌండరీ దగ్గరికి వచ్చి "మామయ్యా, మనం ఫస్ట్ బ్యాటింగా?" అన్నాడు. అప్పటికే బ్యాటింగ్ చేసేశాం, ముప్పై పరుగులు కొట్టింది వాడే. చెప్పాను. రెండు నిమిషాలకి మళ్లీ అదే ప్రశ్న, ఇంకాసేపటికి మూడోసారి, ఒక్క అక్షరం తేడా లేకుండా. తల దెబ్బకి మెదడు పనితీరు కొన్నాళ్లు గాడి తప్పడాన్నే కంకషన్ అంటారు, అది చాలాసార్లు ఇలాగే బయటపడుతుంది. స్పృహ తప్పడమన్నది చాలామందిలో జరగనే జరగదు. వాణ్ణి అప్పుడే ఆట ఆపించి ఆసుపత్రికి తీసుకెళ్లాను, సీటీ స్కాన్ తీశారు, ఏమీ లేదన్నారు. ఇంటికి రాగానే అక్క "స్కాన్‌లో ఏం లేదన్నారు కదరా, రేపటి మ్యాచ్ ఆడనిద్దామా మరి?" అంది.

అక్క తప్పుగా అడగలేదు, దాదాపు అందరూ అలాగే అనుకుంటారు. సీటీ చూసేది ఎముక చిట్లిందా, లోపల రక్తం కారిందా అని. కంకషన్‌లో దెబ్బ తినేది అవి కావు, మెదడు కణాల పనితీరు. తల ఒక్కసారిగా ఊగినప్పుడు లోపల మెత్తగా ఉండే మెదడు కూడా ఊగి, మెలితిరిగి, కణాల పైపొర సాగుతుంది (అందుకే హెల్మెట్ పుర్రెని కాపాడినా కంకషన్‌ని పూర్తిగా ఆపలేదు). ఆ సాగినచోట లోపల ఉండాల్సిన పొటాషియం బయటికి పోతుంది, బయట ఉండాల్సిన సోడియం, కాల్షియం లోపలికి వచ్చేస్తాయి. వాటిని మళ్లీ ఎక్కడివక్కడికి తోడిపోయడానికి కణంలోని పంపులన్నీ ఒకేసారి ఆన్ అవుతాయి, వాటికి చాలా గ్లూకోజ్ కావాలి. కానీ సరిగ్గా అప్పుడే మెదడుకి వచ్చే రక్తం తగ్గుతుంది, పైగా లోపలికి చేరిన కాల్షియం కణానికి శక్తినిచ్చే భాగాల్నే దెబ్బ తీస్తుంది. వాన పడి పొలం మునిగింది, నీళ్లు తోడడానికి ఊరంతా మోటార్లు వేసింది, అదే టైముకి లో వోల్టేజీ. పరిస్థితి అదీ.

ఆ మొదటి హడావుడి కొన్ని గంటల్లో తగ్గుతుంది. తర్వాత మెదడు గ్లూకోజ్ వాడకాన్నే తగ్గించేసుకుని నెమ్మదిగా నడుస్తుంది. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఈ మందకొడితనం వారం పది రోజులు కనిపించింది. మనుషుల్లో ఇన్ని రోజులని గీత గీసినట్టు చెప్పలేం, తలనొప్పి పోయాక కూడా లోపల కోలుకోవడం పూర్తి కాకపోవచ్చు. ఈ రోజుల్లోనే రెండో దెబ్బ తగిలితే, అది చిన్నదైనా సరే, తట్టుకునే శక్తి కణాల దగ్గర ఉండదు. టీనేజ్ పిల్లల్లో చాలా అరుదుగా మెదడు వాచిపోయి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలున్నాయి. అరుదే, కానీ ఒక మ్యాచ్ కోసం తీసుకోదగ్గ రిస్క్ కాదు. పైగా కంకషన్‌లో కంటికీ చేతికీ మధ్య స్పందన కాస్త ఆలస్యమవుతుంది, అంటే రెండో బంతి తలకి తగిలే అవకాశమే పెరుగుతుంది.

2019 యాషెస్‌లో లార్డ్స్ టెస్ట్ గుర్తుండే ఉంటుంది. ఆర్చర్ బౌన్సర్ స్టీవ్ స్మిత్ మెడకి తగిలింది, పరీక్షలు పాసై కాసేపటికి మళ్లీ బ్యాటింగ్‌కి వచ్చి 92 దగ్గర ఔటయ్యాడు. తెల్లారి లేచేసరికి తలనొప్పి, మత్తు. ఆ మ్యాచ్‌కీ తర్వాతి టెస్ట్‌కీ దూరమయ్యాడు. డాక్టరు పక్కనే ఉన్న టీమ్‌లోనే లక్షణాలు మర్నాడు బయటపడ్డాయంటే మన గల్లీ మ్యాచ్‌లో "ఇప్పుడు బాగానే ఉన్నా అన్నా" అన్న మాటని ఎంతవరకు నమ్మాలో ఆలోచించండి. తలకి గట్టిగా తగిలి అనుమానం వస్తే ఆ రోజుకి ఆట అంతే, కెప్టెన్ బతిమాలినా సరే.

ముందు ప్రమాద సూచనలు. పదేపదే వాంతులు, పెరుగుతూ పోయే తలనొప్పి, ఫిట్స్, మాట తడబడటం, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, ఒక కంటి పాప పెద్దదిగా కనబడటం, లేపినా సరిగ్గా లేవకపోవడం, ముక్కులోంచో చెవిలోంచో నీరో రక్తమో రావడం. వీటిలో ఏ ఒక్కటున్నా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. మెడ నొప్పి కూడా ఉంటే కదిలించకండి. ఇవేవీ లేక డాక్టరు ఇంటికి పంపిస్తే పడుకోనివ్వండి, "నిద్రపోతే ప్రమాదం" అని రాత్రంతా కూర్చోబెట్టడం అనవసరం, నిద్ర కావాలి. మొదటి రాత్రి ఒకరు దగ్గరుంటే చాలు. నొప్పికి డాక్టరు చెప్పిన డోసులో పారాసిటమాల్ వేయొచ్చు. బ్రూఫెన్, ఆస్పిరిన్ మాత్రం డాక్టర్ని అడగకుండా వద్దు.

విశ్రాంతి అంటే చీకటి గదిలో వారం పడుకోబెట్టడం కాదు. ఒకప్పుడు అలాగే చెప్పేవాళ్లు, ఇప్పుడు చెప్పడం లేదు, ఎందుకంటే ఎక్కువ రోజులు పూర్తిగా పడుకోబెట్టినా మేలు జరగలేదు, పైగా బెంగ, నీరసం పెరిగాయి. మొదటి ఒకటి రెండు రోజులు ఇంట్లో తేలికగా తిరగొచ్చు, ఫోను బాగా తగ్గించాలి, ఆట, బండి నడపడం వద్దు. తర్వాత నెమ్మదిగా నడక మొదలుపెట్టాలి. మెల్లగా చేసే వ్యాయామం కోలుకోవడానికి సాయపడుతుంది.

మా వాడి విషయంలో ఫ్రిజ్ మీద కాగితం అంటించాం. తలనొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కు, వ్యాయామానికి ముందొకటి, తర్వాతొకటి. రూలు ఒక్కటే: రెండు మార్కులకి మించి పెరిగినా, పెరిగింది గంటలో తగ్గకపోయినా ఆపేసి, మర్నాడు ఇంకాస్త తేలిగ్గా చేయాలి. మూడో రోజు ఇరవై నిమిషాలు నడిచాడు, మార్కు రెండు నుంచి మూడయింది, గంటలోపే తగ్గింది, పర్లేదు. ఐదో రోజు మా మాట వినకుండా పరిగెత్తాడు, ఒకటి కాస్తా ఐదైంది. మర్నాడు మళ్లీ నడకే. కోచింగ్ క్లాసులకి కూడా ముందు సగం పూటే పంపాం, ఎందుకంటే లెక్కలు చేసినా ఖర్చయ్యేది ఆ మెదడు శక్తే. క్లాసులు పూర్తిగా కూర్చోగలిగాకే ఆట సంగతి.

తొమ్మిదో రోజుకి పరుగు తీసినా మార్కు సున్నా. అప్పుడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి సరేననిపించుకున్నాం. బంతి తలకి తగిలే వీలున్న ఏ ప్రాక్టీసూ దీనికి ముందు వద్దు. తర్వాత మెత్తటి బంతితో త్రోడౌన్లు, ఆపై నెట్స్‌లో ఫాస్ట్ బౌలింగ్, చివరికి మ్యాచ్. మెట్టుకీ మెట్టుకీ మధ్య కనీసం ఒక రోజు. వాడు మ్యాచ్ ఆడింది పదహారో రోజున. పెద్దవాళ్లు చాలామంది రెండు వారాల్లో కోలుకుంటారు, పిల్లలకి నాలుగు వారాలు కూడా పట్టొచ్చు. అంతకు మించి లాగితే మళ్లీ డాక్టర్ని కలవాలి.

ఇంకొక్కటి. సీజన్ మొదలవకముందే స్కోరు రాసే కుర్రాడికి ఒక పని అప్పజెప్పండి: తలకి తగిలిన ఎవరినైనా "ఏ గ్రౌండ్‌లో ఉన్నాం, ఇది ఎన్నో ఓవర్, పోయిన మ్యాచ్ ఎవరితో ఆడాం" అని అడగాలి. ఒక్కటి తప్పు చెప్పినా బయటికి పంపించేయాలి. అన్నీ సరిగ్గా చెప్పినా తలనొప్పో, కళ్లు తిరగడమో, చూపు మసకబారడమో ఉంటే కూడా అంతే. మాకు ఈసారి ఆ పని చేసేది మా అక్క కొడుకే.